సరళ రాసిన సున్నా రూపాయల కొసరు

మా జూలూరుపాడులో ఎవరికి లెక్క తప్పినా నా దగ్గరికే వస్తరు. గొప్పకు చెప్తలేను, ఉన్నమాట. నేను చదివింది ఊరి బడిల ఏడో తరగతి దాకనే. ఆ ఏడో తరగతిలనే నోటిలెక్కల పోటీల తాలూకా మొత్తానికి మొదటొచ్చి ఇత్తడి గ్లాసు బహుమతి తెచ్చుకున్న. తర్వాత కిరాణా హోల్‌సేల్ దుకాణంల ముప్పై ఒక్క ఏండ్లు గుమస్తాగిరీ చేసిన. అన్నేండ్లలో కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. ఒకసారి ఆడిటరుగారు రాసుకొచ్చిన కాగితంల పదకొండు రూపాయల తప్పు పట్టిన. ఆయన కాగితం దిక్కు చూసి, నా దిక్కు చూసి, ఆఖరుకు తనే టీ తెప్పించిండు. మా వీధికి మురుగుకాలువ మంజూరైనప్పుడు కూడా కొలతలు సరిచేసింది నేనే. పేరు మాత్రం ఇంజనీరు రాయించుకున్నడు.

ఇంత చెప్పినా, ఇప్పుడు రాసేది నా గురించి కాదు. మా కింది గదిల కిరాయికుండే సరళ గురించి. నాకు లెక్క చేయడం వచ్చు. చేయకుండా ఊరుకోవడం ఆ పిల్లకు వచ్చు. రెండోది ఎంత కష్టమో నాకు అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

సరళది పక్క తండా. కొత్తగూడెంల బీకాం చదివింది. మొగుడు భాస్కర్ ఆటో నడుపుతడు. మామ చందూలాల్ నెమ్మదస్తుడు. అత్త రూప్లికి నాలుగెకరాల మిరపతోట, నలభై ఎకరాల నోరు. కోడలు లాప్‌టాప్ కొనుక్కుని జూలూరుపాడుల గది తీసుకున్ననాడే ఆమె చెప్పింది: "నెల చూస్త. ఆ డబ్బాల నుంచి పైసలు రాలితే సరే. లేకుంటే పండు మిరపకాయ కోతకు నువ్వే నా జతదానివి."

సరళ పట్టుకున్న పని గిట్లుంటది. ఎక్కడెక్కడి దుకాణాల బిల్లులో ఫోన్‌ల ఫోటో తీసి పంపుతరు. ఆ ఫోటో చూసుకుంట ఒక్కొక్క సామాను ఒక్కొక్క వరుసల ఎక్కించాలె. పేరు, ఎంత, ధర, మొత్తం. ఆఖరుకు కింద ఉండే టోటల్. కంప్యూటరుకు బిల్లు చదవడం నేర్పనీకి ఇవి పనికొస్తయట. బిల్లుకు మూడు రూపాయలు. ఖమ్మంల ఖానాపురం హవేలి దగ్గర ఒక చిన్న ఆఫీసు ఈ పని పంచిపెడుతది. ముందు యాభై బిల్లుల పరీక్ష. నలభై తొమ్మిది తప్పు లేకుండా ఉంటేనే పని. పరీక్ష రెండుసార్లే. రెండోసారీ పోతే ఇంక పిలవరు.

మొదటిసారి ముప్పై బిల్లులు సరళ ఒక్కతే చేసింది. మధ్యాహ్నానికి కండ్లు మండినయంటే, నేనే జాలిపడి కుర్చీ జరుపుకున్న.

"నేను చదువుత, నువ్వు టైపు కొట్టమ్మా. ఈ కండ్లు హోల్‌సేల్ బిల్లులు చూసిన కండ్లు."

"చదవచ్చా పెద్దయ్యా, మీకు కష్టం కాదా?"

"బిల్లు చదవడం నాకు కష్టమా," అని నవ్విన. ఆ నవ్వు తర్వాత చానా ఖరీదైంది.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. యాభైల నలభై ఒకటి. సరళ చేసిన ముప్పైల ఒక్క తప్పు లేదు. నేను చదివిన ఇరవైల తొమ్మిది.

తెల్లారి నేను అరుగు మీద పేపరు చదువుతుంటే సరళ లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది. మా ఇంటావిడ హైమ పప్పు ఏరుకుంట పక్కనే కూచుంది.

"పెద్దయ్యా, ఈ బిల్లు టోటల్ ఎంత?"

చూసిన. కందిపప్పు నూటనలభై ఎనిమిది, చక్కెర రెండు కిలోలు ఎనభై ఎనిమిది, గోధుమపిండి అరవై రెండు, ఉప్పు రెండు పాకెట్లు నలభై నాలుగు.

"మూడువందల నలభై రెండు," అన్న.

"చూసి చెప్పిండ్రా, కూడి చెప్పిండ్రా?"

"చూసి కూడిన."

"కింద ఏం అచ్చయింది?"

కళ్లజోడు సవరించుకున్న. 332.00 అని ఉంది.

"వాడు తప్పు కొట్టిండమ్మా. కండ్ల ముందర పది రూపాయల తప్పు కనవడుతుంటే ఎట్ల వదిలిపెట్టాలె? మన దిక్కు చిన్న దుకాణాల మిషన్లల్ల టోటల్ చేత్తో కూడా కొట్టొచ్చు. ఏ తలతిక్క గుమస్తానో కొట్టి ఉంటడు."

"తప్పు దిద్దుమని ఎవరడిగిండ్రు పెద్దయ్యా? ఏం అచ్చయిందో అదే అడిగిండ్రు."

హైమ పప్పుల రాయి తీసి పక్కన పడేసి, "పెండ్లయిన కొత్తల మా నాయన రాసిన ఉత్తరం కూడా దిద్ది తిరిగి పంపిండు ఈయన," అన్నది.

మిగతా ఎనిమిది కూడా ఒక్కొక్కటి చూపించింది సరళ. ఒక బిల్లుల రౌండాఫ్ అని 0.40 తీసివేత ఉంటే, నలభై పైసలకు ఒక వరుస ఎందుకని నేను చదవనే లేదు. ఇంకొకదాంట్ల 1.000 అని ఉంటే 'ఒకటి' అన్న. ఆ పిల్ల ఒకటే కొట్టింది. చుక్క తర్వాత మూడు సున్నాలుంటే మూడూ ఉండాల్నట. ఒక బిల్లు మీద నూనె మరక పడి సామాను పేరు పోయింది. ధర చూసి, 'ఇది మినపప్పే, ఇంకేది ఉంటది ఈ ధరకు' అని చెప్పిన. అసొంటిచోట చదవరావడం లేదని గుర్తు పెట్టాలె గాని, ఊహించి రాయొద్దని రూల్స్‌ల నల్లగ రాసే ఉంది.

"మరి అది మినపప్పు కాదా?" అన్న.

"అయ్యే ఉంటది. కాని ఫోటోల లేదు కద."

నోటిలెక్కల పోటీల కూడా గిట్లాంటి ప్రశ్న రాలేదు.

ఆ సాయంత్రం రూప్లి ఫోన్ చేసింది. కోడలు స్పీకరు పెట్టింది.

"పరీక్ష పోయిందట. భాస్కర్ చెప్పిండు. కోతకు నీకో గంప తీసిపెట్టమంటవా?"

"ఇంకోసారి ఉంది అత్తా."

"ఈసారి ఆ రావు సారును గదిల నుంచి బయటపెట్టి గొళ్లెం వెయ్యి."

రావు సారంటే నేనే. పక్కనే ఉన్నట్టు ఆమెకు తెలుసు. తెలిసే అన్నది.

నేను నిజంగనే తప్పుకుందామనుకున్న. కాని రెండోసారి వచ్చిన ఫోటోలు ఇంకా అధ్వానం. నలిగినయి, మసకబారినయి, ఒకదాని మీద ఎవరిదో బొటనవేలు. ఒక్కతే ఫోటో చూసుడు, టైపు చేసుడు, మళ్ల చూసుడంటే వరుసలు తారుమారైతున్నయి. సరళ రెండు బిల్లులు చేసి, పైకొచ్చి మా గడపల నిలబడ్డది.

"పెద్దయ్యా, మీ కండ్లు కావాలె. మీ తలకాయ వద్దు."

ఇంత మర్యాదగ నన్నెవరూ అవమానించలేదు. కిందికి పోయిన.

తలకాయను పక్కన పెట్టించనీకి ఆ పిల్ల ఒక ఉపాయం చేసింది. అట్టముక్కకు వరుస పట్టేంత కంత కోసి స్క్రీన్ మీద పెట్టింది. ఆ కంతలకెళ్లి ఒక్క వరుసే కనవడుతది. అది చాలదని ఇంకొకటి చెప్పింది: "కింది నుంచి పైకి చదవండి."

"కింది నుంచా? బిల్లును తలకిందులా?"

"అవ్. ముందు టోటల్ చెప్పండి, నేను ఎక్కిస్త. తర్వాత మీరు ఎంత కూడుకున్నా నాకు పని లేదు. రాసింది రాసినట్టే ఉంటది."

మూడు గంటల పాటు బిల్లులను కాళ్ల దగ్గర నుంచి తల దాక చదివిన. చుక్క అంటే చుక్క, సున్నా అంటే సున్నా. "రెండువందల పద్దెనిమిది చుక్క సున్నా సున్నా" అని గట్టిగ చదువుతుంటే, పైనుంచి హైమ, "బళ్లె మళ్ల వేసిండ్రా ఏంది మిమ్మల్ని?" అని అడిగింది. చదివిన ప్రతి అంకెనూ సరళ మళ్ల ఫోటోతోటి పోల్చుకునేది. మొదటిసారి నన్ను నమ్మింది. రెండోసారి గౌరవించింది గాని, నమ్మలేదు. ఈ రెండింటికి తేడా ఉన్నది.

ముప్పై ఏడో బిల్లు దగ్గర నేను ఆగిన. టోటల్ 330.00, క్వాంటిటీ 2.400, ఐటమ్స్ 6 అని చదివి, పసుపు, ఎండుమిర్చి, చింతపండు, బెల్లం దాటి పైకి వచ్చిన. కంతల ఇంగ్లీషు పెద్దక్షరాలల్ల 'కొసరు' అని ఉంది. పక్కన 0.050. ధర 0.00. మొత్తం 0.00. అట్ట జరిపితే దాని మీద వరుసల పల్లీలు, కిలో.

అర్థమైంది. కిలో పల్లీలు కొన్నందుకు సేటు పిడికెడు పల్లీలు ఊరికే పోసిండు. పోసిన దాన్ని బిల్లుల కూడా కొట్టిండు. ముప్పై ఒక్క ఏండ్లల ఎన్ని వేలసార్లు కొసరు పోసిన్నో లెక్క లేదు, కాగితం మీద ఒక్కసారి ఎక్కించలేదు.

"ఇది వద్దులేమ్మా. కొసరు చేత్తో పెట్టేది. బిల్లుల రాసేది కాదు."

"అచ్చయిందా?"

"అయితే అయింది, కాని."

"ఎన్ని సున్నాలు?"

చదివిన. ఆమె ఎక్కించింది.

మూడోనాడు ఫలితం వచ్చింది. నలభై ఎనిమిది. ఒక్కటి తక్కువైంది.

సరళ ఫోన్ల రెండు తప్పులూ తెరిచి చూసింది. ఒక తప్పు ఆమెదే. 2.000 ఉండాల్సిన చోట 2.00 కొట్టింది. "ఇది నాదే," అని వెంటనే ఒప్పుకున్నది. రెండో తప్పు ముప్పై ఏడో బిల్లు. 'లేని సామాను రాసిండ్రు' అని ఎర్రగ వచ్చింది. కింద, ఇదే ఆఖరు ఫలితం, మళ్ల చూడబడదు అని.

"నేను చెప్పిన," అన్న నేను. మనిషికి నోరెందుకు ఉంటదో కాని, అది ఆగదు.

సరళ నా దిక్కు చూసింది. "రేపు ఖమ్మం పోత పెద్దయ్యా. భాస్కర్‌కు ఆటో కిరాయి ఉన్నదట, రాలేడు. మీరొస్తరా?"

"వస్త. వాళ్లకు నేను చెప్త."

"మీరు చెప్పొద్దు. ఆఫీసుల అడుగుపెట్టిన కాన్నుంచి బయటికొచ్చే దాక మీరు మాట్లాడొద్దు. ఒప్పుకుంటెనే తీసుకపోత."

ఒప్పుకున్న. బస్సు వైరా దాటేదాకా ఒప్పుకున్నందుకు పశ్చాత్తాపపడ్డ. ఖమ్మంల దిగి షేర్ ఆటో ఎక్కినం.

ఆఫీసంటే మేడ మీద మూడు గదులు. పది మంది పిల్లలు కంప్యూటర్ల ముందు. సూపర్‌వైజర్ ఉదయ్ ముప్పై ఏండ్లోడు, మంచి ఇస్త్రీ చొక్కా. పద్మప్రియ అనే అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది.

"రీచెక్ లేదు మేడమ్," అన్నడు ఉదయ్. "మెసేజ్‌లోనే పెట్టినం కదా."

"రీచెక్ అడుగుతలేను సార్. ఒక్క ఫోటో మీరు తెరిస్తే చాలు. ఐదు నిమిషాలు."

ఆయన గోడకున్న గడియారం చూసి, తెరిచిండు. ఒక పక్క ఫోటో, ఇంకో పక్క ఆయన తయారుచేసుకున్న జవాబు. ఆయన జవాబుల ఐదు సామాన్లే ఉన్నయి.

"ఇదిగో, ఈ లైను మీరు రాసిండ్రు," అన్నడు. "కొసరు, సున్నా రూపాయలు. సున్నా రూపాయల సామాను ఎక్కడైన ఉంటదా? కొసరంటే నాకు తెల్వదా మేడమ్, మా అమ్మ కూరగాయల దగ్గర గంటసేపు దాని కోసమే కొట్లాడుతది. కాని కొసరు బిల్లుల రాసేది కాదు కదా. మిషన్ తప్పు అనుకొని నేనే తీసేసిన."

నా చెవులకు నా మాటలే వినవడ్డయి. ఇస్త్రీ చొక్కా ఒక్కటే తేడా. నా నోట్లె సమాధానం తయారుగ ఉంది: కొసరు కొట్టకుంటే సాయంత్రానికి కంప్యూటర్ల సరుకు ఎక్కువ, డబ్బాల తక్కువ కనవడుతది, సరుకు లెక్క కలవాల్నని సేటు దాన్ని కూడా ఎక్కించి ఉంటడు. ముప్పై ఒక్క ఏండ్ల అనుభవం పండ్ల మధ్యల ఆగింది. సరళ వెనక్కి తిరగకుండనే చెయ్యి కొంచెం ఎత్తింది. నీళ్లు తాగిన.

"సార్, ఫోటోల కింద ఐటమ్స్ ఎన్ని అని అచ్చయింది?" అని అడిగింది.

"ఆరు."

"మీ జవాబుల?"

ఆయన లెక్కపెట్టిండు. "ఐదు."

"క్వాంటిటీ?"

"రెండు పాయింట్ నాలుగు సున్నా సున్నా."

"మీ ఐదింటివి కూడండి సార్."

ఆయన ఫోన్ తీసి కాలిక్యులేటర్ తెరిచిండు. పల్లీలు 1.000, బెల్లం 0.500, చింతపండు 0.250, ఎండుమిర్చి 0.500, పసుపు 0.100. రెండు పాయింట్ మూడు ఐదు సున్నా అని నాకు ఆయన మొదటి అంకె నొక్కకముందే తెలుసు. చెప్పలేదు. నా జీవితంల సాధించినవాటిల ఇది పెద్దది, బహుమతి రాకున్నా.

"రెండు పాయింట్ మూడు ఐదు సున్నా," అన్నడు ఆయన. "యాభై గ్రాములు తక్కువ."

"ఆ యాభై గ్రాములే సార్ కొసరు."

పద్మప్రియ ఎనకనుంచి వంగి చూసి నవ్వింది. ఉదయ్ గడ్డం గోక్కున్నడు.

"కాని అసలు ఎందుకు కొట్టిండంటరు దుకాణపాయన?" అని అడిగిండు.

అదీ నా ప్రశ్న. నేను కుర్చీ అంచుకు జరిగిన. సరళ అంది:

"ఎందుకు కొట్టిండో మనకెందుకు సార్. అచ్చయింది. రాసిన."

నేను మళ్ల వెనక్కి జరిగిన.

ఆయన తన జవాబుల ఆరో వరుస చేర్చిండు. చేర్చి, జాబితా తీసిండు. ఆ ఒక్క బిల్లు వల్ల తప్పిన వాళ్లు సరళ కాక ఇంకో ఇద్దరున్నరు. ముగ్గురి మార్కులూ మారినయి. సరళ పేరు పక్కన నలభై ఎనిమిది పోయి నలభై తొమ్మిది వచ్చింది. సోమవారం నుంచి పని, రోజుకు వంద బిల్లులు.

"ఈ పెద్దాయన ఎవరు?" అని అప్పుడు అడిగిండు నన్ను చూసి.

"మా ఇంటి ఓనరు సార్. మాటలు రావు," అన్నది సరళ.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చినంక గాని నాకు మాటలు రాలేదు. వచ్చినంక ఆగలేదు. సరుకు లెక్క సంగతి మొత్తం చెప్పిన. సరళ అంతా ఓపికగ విని, "అవ్ పెద్దయ్యా, నేను గూడ అదే అనుకున్న," అన్నది.

బస్టాండ్‌ల కూచోని అత్తకు ఫోన్ చేసింది. "అత్తా, పని వచ్చింది. పండుకాయ కోతకు రాను."

స్పీకరుల రూప్లి అందుకున్నది. "రాకుంటే రాకు. కూలి మనిషికి ఎక్కువ పెడత. సరే గని, బిల్లు చదివే ఉద్యోగం వచ్చింది గద, నాదొకటి చదువు. పొద్దున సేటు దుకాణంల తెచ్చిన సామాన్ల చీటీ. మీ మామతోని ఫోటో తీయించి పంపుత. నాకు అంకెలు రావని సేటు ఏమన్న గుంజిండో తెలియాలె."

ఫోటో వచ్చింది. సరళ అచ్చయింది అచ్చయినట్టు చదివింది. నూనె ఒకటి, నూటనలభై ఐదు. సబ్బులు మూడు, నూటఐదు. ఉల్లిగడ్డ రెండు కిలోలు, అరవై. టీపొడి ఒకటి, నలభై. టోటల్ మూడువందల డెబ్బై.

"ఇచ్చింది కూడ మూడువందల డెబ్బయే. సరిగనే కలిపిండా?" అన్నది రూప్లి.

సరళ ఫోన్ నా చేతుల పెట్టింది. "చదవడం నా పని అయిపోయింది. కూడడం మీ పని పెద్దయ్యా. ఇప్పుడు మాట్లాడొచ్చు."

నేను గొంతు సవరించుకున్న. పొద్దటి నుంచి ఉపవాసమున్నోడికి విస్తరి వేసినట్టైంది. "రూప్లీ, మూడువందల యాభై కావాలె. ఇరవై రూపాయలు ఎక్కువ కొట్టిండు. నేను రేపు స్వయంగా వచ్చి ఆ సేటును అడుగుత. ఆడిటర్లనే వదల్లేదు నేను."

అటు దిక్కు రూప్లి నవ్వడం మొదలుపెట్టింది. చందూలాల్‌ను పిలిచి చెప్పి, ఇద్దరూ కలిసి నవ్విండ్రు.

"రావు సారూ, చీటీ కొట్టకముందు ఆటోకు చిల్లర లేదంటే సేటు దగ్గరే ఇరవై చేబదులు తీసుకున్న. అది కలిపే టోటల్ కొట్టిండు. నేనే కలపమన్న."

"మరి తెలిసి నన్నెందుకు కూడమన్నవ్?"

"మీరు కూడకుండ ఉంటరా, ఉండరా అని చూసిన."

సరళ ఖమ్మం బస్టాండ్ల బస్సుల బోర్డులు చదువుకుంట అటు తిరిగి కూచున్నది. భుజాలు మాత్రం కదులుతున్నయి.